240 గజాల ఇంటి ప్లాను: ఏ పరిమితి ఎంత తప్పిందో ఎవరూ చెప్పడం లేదు

తూర్పు_గుమ్మం

హైదరాబాదు శివార్లలో మాకు 240 గజాల స్థలం ఉంది. దస్తావేజు ప్రకారం రోడ్డు వైపు 36 అడుగులు, లోతు 60 అడుగులు. ఎదురుగా 30 అడుగుల రోడ్డు, అది వెడల్పయ్యే ప్రతిపాదన ఏదీ లేదు. గ్రౌండ్ ఫ్లోరు మీద రెండు అంతస్తులు వేయాలని ప్లాను గీయించాము. గీసినాయన అన్నీ సరిపోయాయన్నారు, మరొక ఇంజినీరుకు చూపిస్తే సరిపోలేదన్నారు. ఏది సరిపోలేదు, ఎంత ఉండాలి, ఎంత ఉంది అని అడిగితే ఇద్దరి దగ్గరా సూటి జవాబు లేదు.

నేను సాఫ్ట్‌వేరు ఉద్యోగిని కనుక 2012 నాటి భవన నిర్మాణ నియమావళిలోని పట్టికను పెట్టుకొని స్వయంగా ఒక చిన్న ప్రోగ్రాము రాసుకున్నాను. అది "తప్పింది" అన్న ఒక్క మాటే చెబుతోంది. తప్పిన ప్రతి పరిమితినీ కొలతతో సహా చెప్పించాలన్నది నా ఉద్దేశం. ప్లానులో ఇంటి చుట్టూ వదిలిన ఖాళీలు ఇవి: ముందు 6 అడుగుల 8 అంగుళాలు, వెనుక 5 అడుగులు, ఎడమ 4 అడుగుల 11 అంగుళాలు, కుడి 4 అడుగులు. బేస్‌మెంట్ ఎత్తు 2 అడుగులు, ఒక్కొక్క అంతస్తు స్లాబుతో కలిపి పదిన్నర అడుగులు. మొదటి అంతస్తులో ముందు వైపు 2 అడుగుల బాల్కనీ ఉంది. స్థలంలో ఇల్లు ఆక్రమించే భాగం, అంటే కవరేజి, 75 శాతం దాటకూడదని కూడా ఒక షరతు పెట్టాను.

పిట్టగోడ

నాలుగు వైపులా నాలుగడుగులు వదిలారు కదా, మా వీధిలో అంత వదిలినవారే లేరు. పైగా 10 శాతం వరకు తేడాను అధికారులు మన్నిస్తారు. ఎత్తులో మాత్రం పిట్టగోడను కూడా కలిపి చూసుకోండి.

కొలతబద్ద

పిట్టగోడ గారు చెప్పిన 10 శాతం వేరే సందర్భానిది. అది కట్టిన తరువాత బయటపడిన చిన్న తేడాలకు అపరాధ రుసుము మీద ఇచ్చే సడలింపు. దానిని నమ్ముకొని ప్లానులోనే తక్కువ గీయడానికి వీలులేదు. ఎత్తును స్లాబు పైభాగం వరకే చూస్తారు కనుక పిట్టగోడ, మెట్ల గది, నీళ్ళ ట్యాంకు అందులోకి రావు.

ఇక అసలు విషయం. 240 గజాలు అంటే 200.67 చదరపు మీటర్లు. పట్టికలో 100 నుంచి 200 వరకు ఒక వరుస, 200 నుంచి 300 వరకు మరొక వరుస. మీరు 200 గీతను ముప్పాతిక చదరపు మీటరు కూడా కాని తేడాతో దాటారు, అందుకే ఇద్దరు ఇద్దరి మాట చెప్పి ఉంటారు. 12 మీటర్ల లోపు రోడ్డు మీద 100–200 వరుసకు ముందు 1.5 మీటర్లు, మిగిలిన మూడు వైపులా 1 మీటరు చాలు, ఎత్తు 10 మీటర్ల వరకు. 200–300 వరుసకు ముందు 2 మీటర్లు కావాలి. మిగిలిన వైపులు మీ ఇంటి ఎత్తును బట్టి ఉంటాయి. ఎత్తు 7 మీటర్ల లోపయితే 1 మీటరు, 10 మీటర్ల లోపయితే 1.5 మీటర్లు.

మీ ప్రోగ్రాము ఈ రెండింటిలో దేనిని తీసుకుంటోందో ముందు చూడండి.

తూర్పు_గుమ్మం

స్థలం విస్తీర్ణం సరిపోయిన మొదటి వరుసనే తీసుకుంటోంది, అంటే 7 మీటర్ల వరుస. అందుకే పక్కలన్నీ బాగున్నాయని, ఎత్తు మాత్రం 3 మీటర్లకు పైగా ఎక్కువైందని లెక్క తేలుతోంది. బాల్కనీని నేను లెక్కలోకి తీసుకోలేదు, గోడ నుంచే కొలిచాను.

అర్ధణా_కోడు

అది మీ ప్రోగ్రాములోని తప్పు, ప్లానులోనిది కాదు. మూడంతస్తుల ఇంటిని 7 మీటర్ల వరుసతో పోల్చితే ఎవరూ కోరని పరిమితి మీద ఉల్లంఘన చూపించినట్లవుతుంది, అసలు తప్పిన పక్క ఖాళీలు మరుగునపడతాయి. కొలిచిన ఎత్తు ఇమిడే అతి చిన్న వరుసను ఎంచుకోవాలి. ఏ వరుసలోనూ ఇమడకపోతే అన్నిటికంటె ఎత్తయిన వరుసను తీసుకొని, ఎత్తును కూడా ఉల్లంఘనగా చేర్చాలి. నేనైతే ఇలా రాస్తాను. రోడ్డు వెడల్పు మీది ఎంపిక ముందే జరిగిందనుకోండి.

```python
def check(plot, m, rows):
    fit = [r for r in rows if r.lo < plot <= r.hi]
    fit.sort(key=lambda r: r.max_h)
    row = next((r for r in fit if m.height <= r.max_h), fit[-1])
    out = []
    if m.height > row.max_h:
        out.append(("height", row.max_h, m.height))
    for side, need in row.setbacks.items():
        if m.setback[side] < need:
            out.append(("setback_" + side, need, m.setback[side]))
    return out
```

మొదటి తప్పు దగ్గరే ఆగిపోకుండా చివరి వరకు చూసి మొత్తం జాబితా ఇస్తుంది. జాబితా ఖాళీగా వస్తే ప్లాను సరిపోయినట్లు.

బెంగళూరు_తెలుగువాడు

కవరేజి సంగతిని అందరూ వదిలేశారు. మా ఊరి 2015 మాస్టర్ ప్లానులో 360 చదరపు మీటర్ల వరకు ఉన్న ఇంటి స్థలానికి 75 శాతం కవరేజి అని స్పష్టంగా ఉంది. తూర్పు గుమ్మం గారు పెట్టిన షరతు సరైనదే. మా తమ్ముడి ఇంటికి 78 శాతం వచ్చిందని తిప్పి పంపారు, వెనుక గదిని రెండడుగులు కోయవలసి వచ్చింది.

కొలతబద్ద

బెంగళూరులో ఉన్నది నిజమే, కాని ఆయన స్థలం హైదరాబాదులో ఉంది. తెలంగాణలో అమలవుతున్న 2012 నియమావళిలో ఇటువంటి ఇంటికి కవరేజి శాతం పరిమితి ప్రత్యేకంగా లేదు. చుట్టూ వదలవలసిన ఖాళీ, ఎత్తు, ఈ రెండూ కలిసి ఇల్లు ఎంత రావాలో తేల్చేస్తాయి. మంజూరయిన ప్లాను మీద కవరేజి శాతం అచ్చవుతుంది కాని, దాని పక్కన అనుమతించిన శాతం అంటూ ఉండదు; అది సమాచారం మాత్రమే.

మీ ప్లానులో ఇల్లు ఆక్రమించే చోటు 8.255 మీటర్ల వెడల్పు, 14.732 మీటర్ల పొడవు, అంటే 121.6 చదరపు మీటర్లు. స్థలంలో ఇది 60.6 శాతం. మీరు పెట్టిన 75 శాతం షరతు ప్రకారం ఇది హాయిగా నెగ్గుతుంది, కాని వదలవలసిన ఖాళీలన్నీ వదిలితే మీకు రాగలిగినది 117.9 చదరపు మీటర్లే, దాదాపు 59 శాతం. అంటే అరువు తెచ్చుకున్న పరిమితి మీకు భరోసా ఇస్తుంది కాని, తప్పును పట్టదు.

అర్ధణా_కోడు

అలాగయితే కవరేజి పరిమితి లేని చోట ఆ గడిలో `None` ఉంచాలి, 100 అని రాయకూడదు. 100 అని రాస్తే పరిమితి ఉండి నెగ్గినట్లు కనిపిస్తుంది. కొలిచిన శాతాన్ని విడిగా చూపించవచ్చు, ఉల్లంఘనల జాబితాలో మాత్రం దానికి చోటు లేదు. బెంగళూరు స్థలానికి అదే గడిలో 75 వస్తుంది.

కృష్ణలంక_వాసి

ఆంధ్రప్రదేశ్‌లో ఇల్లు కట్టేవారు ఈ చర్చలోని అంకెలను ఎత్తిరాసుకోకండి. అక్కడ 2017 నుంచి వేరే నియమావళి ఉంది. మా బావగారు హైదరాబాదు పట్టికను పట్టుకొని విజయవాడలో ప్లాను గీయించి రెండుసార్లు గీత రుసుము కట్టారు.

తూర్పు_గుమ్మం

అర్ధణా కోడు గారు రాసినట్లు మార్చి, కొలతబద్ద గారి పట్టికతో నడిపాను. బాల్కనీ అంచును కూడా లెక్కలోకి తీసుకున్నాను. వచ్చినది ఇది.

```
height          10.00   10.21
setback_front    2.00    1.42
setback_left     1.50    1.50
setback_right    1.50    1.22
```

మూడో వరుస నాకు అర్థం కావడం లేదు. ఒకటిన్నర ఉండాలి, ఒకటిన్నర ఉంది, అయినా ఉల్లంఘన అంటోంది.

పిట్టగోడ

ప్రభుత్వ కార్యాలయం నుంచి వచ్చిన జవాబులాగే ఉంది.

కొలతబద్ద

అది ప్రోగ్రాము తప్పు కాదు, నాలుగడుగుల పదకొండంగుళాల తప్పు. 4 అడుగుల 11 అంగుళాలు 1.4986 మీటర్లు. మన గీతగాళ్ళకు అడుగుల అలవాటు పోలేదు; మీటరు అంటే మూడడుగుల మూడంగుళాలు అనుకుంటారు, అది 0.9906 మాత్రమే. రెండు మీటర్లకు ఆరున్నర అడుగులు వేస్తారు, అది 1.9812. మేస్త్రీకి ఒక మిల్లీమీటరు లెక్కలోకి రాదు కాని, కంప్యూటరు మీద ప్లానును పరిశీలించే ప్రోగ్రాముకు 1.5 కంటె తక్కువ అంటే తక్కువే. ప్లానులో అంగుళం ఎక్కువ గీయించండి.

అర్ధణా_కోడు

కొలతలను మిల్లీమీటర్లలో పూర్ణాంకాలుగా ఉంచుకుంటే ఈ గందరగోళం ఉండదు. 1500 ఉండాలి, 1499 ఉంది అని అచ్చయితే చదివినవారికి వెంటనే తెలుస్తుంది. రెండు దశాంశ స్థానాలకు కుదించి అచ్చు వేయడం వలన మీకు కొలత దాగిపోయింది. పోల్చడానికి ముందు కుదించి ఉంటే ఇంకా ప్రమాదం, అసలు ఉల్లంఘనే మాయమయ్యేది.

గృహప్రవేశం_2019

మా అనుభవం చెబుతాను. ప్లానులో పక్కన సరిగ్గా మీటరు వదిలాము. కట్టిన తరువాత కొలిస్తే 97 సెంటీమీటర్లే వచ్చింది. ఇటుక గోడ వరకు మీటరు ఉంది, పైన సిమెంటు పూత, దాని మీద మా ఆవిడ ముచ్చటపడి అతికించిన రాయి పలకలు కలిసి మూడు సెంటీమీటర్లు తినేశాయి. ప్రోగ్రాము గీతను చూస్తుంది, టేపు గోడను చూస్తుంది.

ఇంకొక సందేహం. నాకు తెలిసినంతలో సజ్జ ముందుకు వస్తే తప్పు కాదు, మరి బాల్కనీని ఎందుకు లెక్కించారు?

కొలతబద్ద

సజ్జకు 60 సెంటీమీటర్ల వరకు ఖాళీ స్థలంలోకి రావడానికి అనుమతి ఉంది, బాల్కనీకి లేదు. బాల్కనీ కావాలంటే ఆ మేరకు గోడను వెనక్కు జరుపుకోవాలి. ఇక్కడ గోడ 2.032 మీటర్ల దగ్గర ఉంది, అది సరిపోయింది, బాల్కనీ 0.61 మీటరు ముందుకు వచ్చి 1.422 మిగిల్చింది. గ్రౌండ్ ఫ్లోరు బొమ్మ ఒక్కటే చూసినవారికి ముందు వైపు లోటు కనిపించదు. అందుకే ఒక వైపు కొలత అంటే ఆ వైపు అన్ని అంతస్తులలోకీ అతి తక్కువ దూరం అని తీసుకోవాలి. స్థలం వంకరగా ఉంటే మధ్యలో ఒకచోట కొలిస్తే చాలదు, ఇంటి ప్రతి మూల నుంచి హద్దు గీతకు లంబంగా కొలిచి అందులో చిన్నది తీసుకోవాలి.

ఎత్తు గురించి కూడా చూసుకోండి. రెండడుగుల బేస్‌మెంటు, మూడు పదిన్నరలు కలిసి 33 అడుగుల 6 అంగుళాలు, అంటే 10.211 మీటర్లు. అంతస్తుకు పదడుగులకు దిగితే 32 అడుగులు, 9.754 మీటర్లు అవుతుంది. ఖర్చు లేకుండా తీరే ఉల్లంఘన ఇదొక్కటే.

గృహప్రవేశం_2019

ఒక అంతస్తు తగ్గించుకుంటే 7 మీటర్ల వరుసలోకి వస్తారు కదా, పక్కలకు మీటరు చాలుతుంది.

అర్ధణా_కోడు

వేసి చూశాను. రెండడుగులు, రెండు పదిన్నరలు కలిసి 23 అడుగులు, 7.010 మీటర్లు. ఒక సెంటీమీటరు తేడాతో 10 మీటర్ల వరుసలోకే పోతుంది, పక్కలు రెండూ మళ్ళీ తప్పుతాయి. ఎత్తు ఉల్లంఘన మాత్రం జాబితాలో ఉండదు, ఎందుకంటే 10 మీటర్ల లోపే ఉంది. ఇటువంటి చోట "ఎత్తు 11 మిల్లీమీటర్లు తగ్గితే పక్క ఖాళీలు సరిపోతాయి" అని చెప్పగలిగితే బాగుండేది. నా ప్రోగ్రాముకు అంత తెలివి లేదు. ఎంచుకున్న వరుస పేరును ఫలితంతో పాటు అచ్చు వేయిస్తే మనిషే గ్రహిస్తాడు.

తూర్పు_గుమ్మం

నిన్న టేపు పట్టుకొని స్థలానికి వెళ్ళాను. రెండు ప్రహరీ గోడల మధ్య 35 అడుగుల ఏడున్నర అంగుళాలే ఉంది, కుడి వైపు నాలుగున్నర అంగుళాలు తక్కువ వచ్చింది. లోతు సరిగ్గా 60 అడుగులే. ఈ లెక్కన విస్తీర్ణం 198.58 చదరపు మీటర్లు. దానితో నడిపితే జాబితాలో రెండే మిగిలాయి.

```
row: 100-200, max_h 10000
height          10000   10211
setback_front    1500    1422
```

ఎడమ వైపు 1499, కుడి వైపు 1105 మిల్లీమీటర్లు ఉన్నాయి, రెండింటికీ 1000 చాలు కనుక సరిపోయాయి. స్థలం తగ్గితే ఇల్లు పెరగడం నేను ఎక్కడా వినలేదు.

కొలతబద్ద

దస్తావేజులోని విస్తీర్ణం, నేల మీది విస్తీర్ణం వేరయితే రెండింటిలో తక్కువ దానినే తీసుకుంటారు. ఆ విధంగా మీరు కింది వరుసలోకి వచ్చే మాట నిజమే. ఖాళీలు పోను మీకు దాదాపు 140 చదరపు మీటర్లు కట్టుకునే వీలుంటుంది, ఇంతకు ముందుకంటె అంతస్తుకు 22 ఎక్కువ. అయితే ఒకటి పోతుంది. కారు నిలుపుకునే స్టిల్టు ప్రస్తావన ఆ పట్టికలో 200 దాటిన వరుసల నుంచే ఉంది, అక్కడ దాని ఎత్తు ఇంటి ఎత్తులో కలవదు. 200 లోపు స్థలంలో కారుకు చోటు కావాలంటే గ్రౌండ్ ఫ్లోరులో గదిని వదులుకోవాలి.

పిట్టగోడ

కారు లేనివారికి కింది వరుస, కారు ఉన్నవారికి పై వరుస. మాకు స్కూటరే కనుక నేను 198 చదరపు మీటర్ల పక్షం.

గృహప్రవేశం_2019

తక్కువ విస్తీర్ణాన్ని తీసుకోవడం ప్లాను గీయడం వరకే అని మాకు చెప్పారు. మా పక్క ప్లాటులో రోడ్డుకు కొంత వదిలిన తరువాత విస్తీర్ణం తగ్గింది, అయినా వదలకముందు ఉన్న విస్తీర్ణానికి తగిన ఖాళీలే అడిగారు.

కొలతబద్ద

రోడ్డుకు వదిలిన స్థలం సంగతి వేరు, నేల మీద అసలే లేని స్థలం సంగతి వేరు. రోడ్డుకు వదిలినప్పుడు ముందు ఖాళీని కొత్త రోడ్డు అంచు నుంచి కొలవాలన్నంత వరకు ఎవరికీ అనుమానం లేదు. వరుసను ఏ విస్తీర్ణంతో ఎంచుకోవాలన్న దాని మీద నేను చూసిన ప్లానులలోనే రెండు రకాలూ ఉన్నాయి.

గృహప్రవేశం_2019

అయితే మా పక్కవారు వాదించి ఉండవలసింది.

అర్ధణా_కోడు

వాదన తేలేవరకు ప్రోగ్రామును రెండు విస్తీర్ణాలతోనూ నడిపి, రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టుకోవడం మంచిది. 200 గీతకు ఒక శాతం దగ్గరలో ఉన్న స్థలానికి ఒక్క జాబితా ఇవ్వడం సాహసం.

కొలతబద్ద

తూర్పు గుమ్మం గారికి ఒక ప్రశ్న. లోటు సరిగ్గా నాలుగున్నర అంగుళాలు అన్నారు. అది అర ఇటుక గోడ మందం. ఖాళీని హద్దు గీత నుంచి కొలవాలి, ప్రహరీ గోడ లోపలి ముఖం నుంచి కాదు. కుడి వైపు గోడ ఎవరి స్థలంలో ఉంది? పొరుగువారు మీలోకి జరిగి కట్టి ఉంటే మీ స్థలం తగ్గినట్లే. మీ హద్దు లోపల మీరే కట్టుకున్న గోడ అయితే స్థలం ఎక్కడికీ పోలేదు, మీరు గోడను కొలవడం మరచిపోయారు.

500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల వరకు ఉన్న ఇంటికి 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం తరువాత స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. సంతకం మీది, పరిశీలన తరువాత జరుగుతుంది. 198.58 అని రాసి సంతకం పెట్టేముందు సర్వేయరుతో హద్దు రాళ్ళు చూపించుకోండి.

పిట్టగోడ

నన్ను ఎత్తు లెక్కలోంచి తీసేశారు. చివరికి చర్చంతా గోడ దగ్గరకే వచ్చింది.

తూర్పు_గుమ్మం

సర్వేయరు ఆదివారం వస్తానన్నాడు. ఈలోగా కుడి వైపు పొరుగాయనను మర్యాదగానే అడిగాను. ఆయన నవ్వి, ఆ గోడను కట్టించినది మా నాన్నగారేనని, అప్పుడు ఇటుకల లారీని ఆయన ఖాళీ స్థలంలోనే దింపించారని చెప్పారు. నాన్నగారిని అడిగితే, హద్దు రాయికి దారం కట్టి లోపలి వైపే గోడ లేపించాను, పక్కవారితో పేచీ ఎందుకని, అన్నారు.

ప్రోగ్రాములో మళ్ళీ 200.67 వేసి నడిపాను. నాలుగు వరుసలూ తిరిగి వచ్చాయి.